అభిమన్యుడు ఎరిగిన సగము

కురుక్షేత్ర సంగ్రామమున పదమూడవ దినము. సంశప్తకులు అర్జునుని దక్షిణదిశకు ఆకర్షించి కొనిపోగా ద్రోణాచార్యుడు చక్రవ్యూహమును పన్నెను. గర్భస్థుడైన అభిమన్యుడు వినుచుండగా సుభద్ర నిద్రించెనను కథ లోకప్రసిద్ధమే గాని వ్యాసుని ద్రోణపర్వమున లేదు. అచ్చట ఆ బాలుడు ధర్మరాజుతో స్పష్టముగనే విన్నవించెను: తండ్రి తనకు వ్యూహభేదనమును ఉపదేశించెననియు, ఆపద వాటిల్లినచో వెలువడజాలననియు.

తన విద్యకు గల హద్దును అతడెరుగును, దాచలేదు. లోపము పెద్దల యోచనలోనిది. ద్వారము తెరువుము, నీ వెన్నంటి వత్తుమని ధర్మరాజ భీములు పలికిరి. లేని సగము విద్యను భుజబలముతో పూరింపదలచిరన్నమాట.

అర్జునుడు లేనిచో తక్కిన పాండవులను నిలువరించు శివవరము సైంధవునకు కలదు. అభిమన్యుడు చీల్చిన త్రోవను అతడు మూసివేసెను. లోపల బాలుడు దుర్యోధనసుతుడైన లక్ష్మణుని, కోసలరాజైన బృహద్బలుని కూల్చెను. ఎదిరింపలేక మహారథులు కూడి అతని ధనుస్సును, రథమును ఖండించిరి. తుదకు గదాయుద్ధమున ఇరువురును నేలకొరగగా, ముందు లేచిన దుశ్శాసనపుత్రుడు అతని శిరముపై మోదెను.

సాయంకాలము శిబిరమున కుమారుని కానక అర్జునుడు సోదరులను అడిగెను: వానికి నిర్గమము నేను నేర్పలేదే, మీరు వానిని వ్యూహమునకు పంపలేదు గదా?