షిఫ్టుల మార్కులను ఒక్క కొలతకు తేవడం: రైల్వే నియామక పరీక్షలపై పరిశీలన

దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం కోసం సికింద్రాబాద్ రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డును ఎంచుకున్న ఇద్దరు అభ్యర్థులు చాలాసార్లు ఒకే ప్రశ్నపత్రం రాసి ఉండరు. అయినా కటాఫ్ దగ్గర ఇద్దరూ ఒకే వరుసలో నిలబడాలి.

2019 నాటి ఎన్‌టీపీసీ నోటిఫికేషన్‌కు దేశమంతటా కోటీ పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మొదటి దశ పరీక్ష 2020 డిసెంబరు 28 నుంచి 2021 జులై 31 దాకా, 68 రోజుల్లో 133 షిఫ్టులుగా జరిగింది. అంటే షిఫ్టుకు సగటున దాదాపు 94 వేల మంది దరఖాస్తుదారులు. కంప్యూటర్లు ఉన్నంతమందికే ఒకసారి పరీక్ష పెట్టగలరు. ఉదయం రాసినవారు బయటికొచ్చి ప్రశ్నలు చెప్పేస్తారు కాబట్టి మధ్యాహ్నానికి వేరే పేపరు కావాలి. రెండు పేపర్ల కఠినత్వం అచ్చంగా ఒకేలా ఉండదు. చిక్కంతా అక్కడే.

రైల్వే బోర్డులు చాలాకాలం వాడిన సూత్రం ఇది:

```
Xn = (S2/S1) × (X − Xav) + Yav
```

X అభ్యర్థి మార్కు. Xav, S1 అతని షిఫ్టు సగటు, ప్రామాణిక విచలనం. Yav, S2 ఆధార షిఫ్టువి. తగినంత హాజరున్న షిఫ్టుల్లో సగటు ఎక్కువగా ఉన్నదాన్ని ఆధారంగా తీసుకునేవారు.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఆధార షిఫ్టు సగటు 48, విచలనం 12. మరో షిఫ్టు సగటు 42, విచలనం 15 అనుకుందాం. ఈ రెండో షిఫ్టులో 62 వచ్చినవారికి 0.8 × 20 + 48, అంటే 64 అవుతుంది. 72 వచ్చినవారికి 72గానే ఉంటుంది. 82 వచ్చినవారికి మాత్రం 80కి తగ్గుతుంది. పేపరు కష్టమైనదే అయినా పైవాళ్లు నష్టపోయారు. మార్కులు ఎక్కువగా చెదిరిన షిఫ్టును సూత్రం దగ్గరికి నొక్కుతుంది. విచలనం తక్కువైతే ఇది తిరగబడుతుంది. సగటు 38, విచలనం 8 ఉన్న షిఫ్టులో 80 వస్తే 111 అవుతుంది. 2019లో గ్రూప్-డి ఫలితాల్లో కొందరికి నూటికి నూరు దాటి మార్కులు కనిపించి అభ్యర్థులు నిలదీసింది ఇందుకే. అది లెక్క తప్పు కాదు, సూత్రం స్వభావం.

2022లో రైల్వే శాఖ పర్సెంటైల్ వైపు మొగ్గింది. ఎన్‌టీపీసీ రెండో దశను వేతన స్థాయివారీగా, వీలైనచోట ఒకే షిఫ్టులో పెడతామని కూడా చెప్పింది. షిఫ్టులో నీకు సమానంగానో తక్కువగానో తెచ్చుకున్నవారి శాతమే పర్సెంటైల్. అది నూరు దాటదు, పేపరు కఠినత్వం దాన్ని నేరుగా తాకదు.

కానీ ఈ రెండు పద్ధతులూ ఒకే నమ్మకం మీద నిలబడతాయి: ప్రతి షిఫ్టులోనూ సగటున ఒకే స్థాయి అభ్యర్థులు ఉన్నారని. బాగా చదివినవారు ఒక షిఫ్టులో పోగైతే, వారి వల్ల పెరిగిన సగటును సూత్రం పేపరు తేలికదనంగా లెక్కేస్తుంది. పర్సెంటైల్ కూడా ఆ తేడాను పట్టుకోలేదు. అన్ని షిఫ్టుల్లోనూ కొన్ని ప్రశ్నలు ఉమ్మడిగా ఉంటే పట్టుకోవచ్చు గానీ, అవే ముందుగా బయటికి పొక్కుతాయి. అందుకే నా దృష్టిలో న్యాయం సూత్రం కంటే ముందు, షిఫ్టుల కేటాయింపు దగ్గరే తేలిపోతుంది.

ప్రతి షిఫ్టు హాజరు, సగటు, విచలనం, కేటాయింపు విధానం ఫలితాలతోపాటే ప్రకటించాలని బోర్డులను కోరుతున్నాను. అప్పుడు అభ్యర్థి తన లెక్క తానే సరిచూసుకోగలడు.