ఇండోమెథాసిన్ డీఎస్సీ వక్రరేఖ

డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీ, అనగా డీఎస్సీ, నమూనా ఉన్న మూకుడునూ ఖాళీ మూకుడునూ ఒకే వేగంతో వేడిచేస్తూ, రెంటికీ అందే ఉష్ణప్రవాహంలోని తేడాను ఉష్ణోగ్రతకు ఎదురుగా గీసే పద్ధతి. దీనిని పెర్కిన్-ఎల్మర్ సంస్థలో వాట్సన్, ఓనీల్ 1962లో రూపొందించినట్లు సాధారణంగా చెబుతారు. వారి పరిశోధన పత్రాలు మాత్రం 1964లో వెలువడ్డాయి.

నొప్పినీ వాపునూ తగ్గించే ఇండోమెథాసిన్ స్ఫటికంగానూ గాజుగానూ దొరుకుతుంది కనుక, వక్రరేఖను చదవడానికి అది మంచి ఉదాహరణ. ముందుగా చూడవలసింది ఉష్ణగ్రాహక చర్య పైకి గీయబడిందా, కిందికా అన్నది, ఎందుకంటే ఈ ఆనవాయితీ యంత్రాన్ని బట్టి మారుతుంది. గామా స్ఫటికాలను నిమిషానికి 10 °C చొప్పున వేడిచేస్తే సుమారు 160 °C దగ్గర ఒక పదునైన శిఖరం వస్తుంది. శిఖరానికి ముందున్న ఆధారరేఖనూ, శిఖరం ఎక్కే వైపున గీసిన స్పర్శరేఖనూ పొడిగిస్తే అవి కలిసే చోటును ప్రారంభ ఉష్ణోగ్రత అంటారు. శుద్ధమైన మందుకు దీనినే ద్రవీభవన స్థానంగా తీసుకోవడం మేలు. శిఖరాగ్రం నమూనా బరువుతోనూ వేడిచేసే వేగంతోనూ జరిగిపోతుంది. స్ఫటికాల పరిమాణాలు రకరకాలుగా ఉండి, విస్తృతమైన పరిధిలో కరిగే పాలిమర్లకు మాత్రం శిఖరాగ్రాన్నే పేర్కొంటారు. ఆల్ఫా రూపం సుమారు 155 °C వద్ద కరుగుతుంది కనుక, 156.6 °C వద్ద కరిగే ఇండియం లోహంతో యంత్రాన్ని సరిచూడకుండా ఈ రెండు రూపాలను వేరుచేయడం నమ్మదగిన పని కాదు.

ద్రవీభవన ఎంథాల్పీ, అనగా కరగడానికి పట్టే వేడి, శిఖరం కింది వైశాల్యం నుంచి వస్తుంది. ఉదాహరణకు 5.00 మి.గ్రా. నమూనాకు ఆ వైశాల్యం 550 మిల్లీజౌళ్లయితే గ్రాముకు 110 జౌళ్లు, అణుభారం 357.8తో గుణిస్తే మోల్‌కు సుమారు 39.4 కిలోజౌళ్లు అవుతుంది. గామా రూపానికి ప్రచురిత విలువలు కొంత అటూ ఇటూ ఉన్నా ఈ సంఖ్య వాటి మధ్యనే ఉంటుంది. అడ్డగీత కాలం కాక ఉష్ణోగ్రత అయినప్పుడు, వైశాల్యాన్ని వేడిచేసే వేగంతో, సెకనుకు 1/6 °Cతో, భాగించకపోతే ఫలితం ఆరు రెట్లు తగ్గిపోతుంది.

కరిగిన మందును వేగంగా చల్లార్చి మళ్లీ వేడిచేస్తే సుమారు 42 °C దగ్గర శిఖరానికి బదులు ఆధారరేఖలో ఒక మెట్టు కనిపిస్తుంది. అది గాజు స్థితి పరివర్తన: గట్టి గాజు జిగట ద్రవంగా మారుతూ విశిష్టోష్ణాన్ని పెంచుకునే చోటు. మెట్టు ఎత్తులో సగాన్ని దాటే ఉష్ణోగ్రతను సాధారణంగా పేర్కొంటారు. అయితే నిర్వచనమూ వేగమూ తెలుపని విలువలను పోల్చరాదు. నిల్వ ఉండి పాతబడిన గాజులో మెట్టు చివర చిన్న ఉష్ణగ్రాహక బొడిపె వచ్చి కరగడమన్న భ్రమ కలిగిస్తుంది; అదే నమూనాను పరివర్తన పైకి వేడిచేసి చల్లార్చి రెండోసారి వేడిచేస్తే బొడిపె పోయి మెట్టు మిగులుతుంది. తేమ ఉన్న నమూనాలో మెట్టు 42 °C కంటే కిందికి దిగుతుంది.