దొంగ రెండోసారి అడిగాక

జాక్ బెనీ జోకు ఒకటి నేను చాలా ఏళ్లు తప్పుగా చెప్పాను. చీకట్లో దొంగ అడ్డుపడి "డబ్బా, ప్రాణమా?" అంటాడు. పిసినారి బెనీ "ఆలోచిస్తున్నా" అంటాడు. అంతే. వినేవాళ్లు మర్యాదకి నవ్వి మళ్లీ ఫోన్లలోకి వెళ్లిపోయేవాళ్లు. అమెరికన్ రేడియోలో అంత పేరు పడిన జోకు ఇదేనా అని నాకే అనుమానం. 1948 మార్చి 28 నాటి ఆ ఎపిసోడ్ రికార్డింగ్ విన్నాకగానీ విషయం అర్థం కాలేదు. ఇన్నాళ్లూ నేను చెప్తున్నది జోకు కాదు, దాని తోక.

కథలో బెనీ తన పొరుగింటి నటుడు రోనాల్డ్ కోల్మన్ దగ్గర ఆస్కార్ బొమ్మ అరువు తీసుకుని రాత్రిపూట ఇంటికి నడిచొస్తుంటాడు. దొంగ ఎదురై ఆ ప్రశ్న వేస్తాడు. బెనీ నోరు విప్పడు. రేడియోలో నిశ్శబ్దం అంటే ఖాళీ. అయినా ఆ ఖాళీలోనే స్టూడియోలో నవ్వు మొదలవుతుంది. ఎందుకంటే 1932 నుంచీ ఆ గొంతు ఎంత పిసినారిదో జనానికి తెలుసు. మన 'అహ నా పెళ్లంట' లక్ష్మీపతిని తెలిసినవాళ్లకి కోట శ్రీనివాసరావు ఏమీ అనకుండా పర్సు వైపు చూసినా చాలు కదా, అలాగ. అంటే పంచ్‌లైన్ ఆ మౌనమే. అసలు నవ్వు అక్కడే వచ్చేసింది.

ఆ నవ్వు తగ్గుతుండగా దొంగ విసుగ్గా మళ్లీ అడుగుతాడు. అప్పుడు బెనీ చిరాకుపడుతూ, "ఆలోచిస్తున్నానయ్యా!" అంటాడు. మళ్లీ నవ్వు.

ఒకసారి నవ్వు వచ్చాక, కొత్త కథ ఎత్తుకోకుండా అదే జోకు మీద వేసే రెండో దెబ్బని అప్పటి రచయితలు 'టాపర్' అనేవాళ్లు. ఇప్పటి స్టాండప్ వాళ్లు 'ట్యాగ్' అంటున్నారు. సెటప్ ఖర్చు మొదటి నవ్వుకే అయిపోయింది కాబట్టి ట్యాగ్ తక్కువ మాటల్లో పని కానిస్తుంది. కానీ అది మొదటి నవ్వు చెప్పిందే మళ్లీ చెప్తే చచ్చిపోతుంది. ఆ మౌనం తర్వాత బెనీ "నాకు డబ్బంటే ప్రాణం" అన్నాడనుకోండి. జనానికి ఆ సంగతి ముందే అర్థమైంది, నవ్వు కూడా అయిపోయింది. ఇక అది జోకుకి వివరణ అవుతుంది. వివరణకి వచ్చే నవ్వు మొదటిదానికంటే చిన్నది, పైగా మొదటిదాన్ని కూడా చిన్నబుచ్చుతుంది.

"ఆలోచిస్తున్నా" చేసే పని వేరు. మౌనం దగ్గర మనం బయట నిలబడి ఒక పిసినారిని చూసి నవ్వాం. ఈ మాటతో అతని బుర్రలోకి వెళ్లాం. అక్కడ అది బెదిరింపు కాదు, నిజంగా లెక్క తేల్చుకోవలసిన ప్రశ్న. పైగా తొందరపెడుతున్నందుకు దొంగ మీదే కోపం! నవ్వు పొడుగవడమే కాదు, మనిషి ఇంకాస్త లోతుగా తెలిశాడు.

మధ్యలో దొంగ మాట లేకపోతే ఇదంతా కుదరదు. నవ్వు హోరులో బెనీ మాట్లాడితే ట్యాగ్ వినపడదు. నవ్వు పూర్తిగా ఆగాక మాట్లాడితే అది వేరే జోకులా అతికీ అతకనట్టుంటుంది. నవ్వు దిగుతున్నప్పుడే పట్టుకోవాలి. దొంగ ప్రశ్న హోరులో కొంత మునిగిపోయినా నష్టం లేదు, అది పాతదే కదా. ఈలోగా జనం సర్దుకుంటారు, బెనీ మాటకి దారి దొరుకుతుంది.

ఇది పుట్టిన తీరు గురించి రచయిత మిల్ట్ జోసెఫ్స్‌బర్గ్ తర్వాత చెప్పిన కథ ఒకటుంది. దొంగ ప్రశ్న దొరికింది గానీ బెనీ జవాబు దొరకలేదు. సహరచయిత జాన్ టాకబెరీ ఎంతకీ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, ఏదో ఒకటి చెప్పమని జోసెఫ్స్‌బర్గ్ విసుక్కున్నాడట. టాకబెరీ, ఆలోచిస్తున్నానని కసిరాడట. మౌనం, విసుగు, కసురు: మూడింటి వరసా ఆ గదిలోనే తయారైపోయింది.

కాయితం మీదికి ఎక్కేటప్పుడు ఈ వరసలో మొదటి రెండూ రాలిపోతాయి. మౌనాన్ని ఎలా అచ్చువేస్తారు? అందుకే పుస్తకాల్లో చదివి నేర్చుకున్న నాలాంటి వాళ్లకి తోకే మిగిలింది.

మొన్నొక స్నేహితుడికి ఈ జోకు మళ్లీ చెప్పాను. ముందుగా బెనీ ఎలాంటివాడో రెండు ముక్కలు చెప్పి, దొంగ ప్రశ్న వేసి ఊరుకున్నాను. వాడు నా మొహం చూసి నవ్వడం మొదలెట్టాడు. నేను ఇంకా మాట్లాడలేదు. నవ్వు తగ్గుతుండగా వాడే, "చెప్పరా, ఏమన్నాడు?" అన్నాడు.

అప్పుడు చెప్పాను.