రాణుల పుట్టింటి వాళ్లనీ వదల్లేదు

శ్రీలంకలోని కాండీ రాజ్యాన్ని చివర్లో ఏలింది మన తెలుగు మూలాలున్న మధుర నాయకుల బంధువులే. కాండీ రాజులు పెళ్లికి క్షత్రియ పిల్లే కావాలని మధుర వైపు నుంచి రాణుల్ని తెచ్చుకునేవాళ్లు. పిల్లతోపాటు అన్నదమ్ములూ, బంధువులూ వెళ్లి అక్కడే స్థిరపడేవాళ్లు. 1739లో నరేంద్రసింహ రాజు వారసుడు లేకుండా పోతే, రాణిగారి తమ్ముడికి పట్టం కట్టారు. అంటే కిరీటం బావగారి నుంచి బావమరిదికి వచ్చిందన్నమాట. ఆ వంశంలో నాలుగో రాజు, ఆఖరివాడు శ్రీవిక్రమ రాజసింహ.

1815 ఫిబ్రవరిలో బ్రిటిష్‌వాళ్ల పక్షాన చేరిన సొంత మనుషులే దాక్కున్న ఆయన్ని పట్టుకున్నారు. రాణుల చెవులకున్న నగలు లాగేశారు. మార్చి 2న జరిగిన ఒప్పందంలో రాజును దింపెయ్యడంతో ఆగలేదు. రక్తసంబంధంతోగానీ పెళ్లి సంబంధంతోగానీ రాజుకు బంధువైన ఏ మగవాడూ అనుమతి లేకుండా కాండీలో అడుగు పెట్టకూడదని రాశారు.

పెళ్లి సంబంధం దాకా ఎందుకు వెళ్లారు? ఆ ఇంట్లో బావమరిది కూడా వారసుడే కాబట్టి. బ్రిటిష్‌వాళ్లే 1803లో అంతకుముందు రాజుగారి రాణి తమ్ముడు ముత్తుస్వామిని గద్దె మీద కూర్చోబెట్టారు. శ్రీవిక్రముడు అతన్ని చంపించాడు. ఆ కిటుకు వాళ్లకు బాగా తెలుసు. ఇంత కట్టడి చేసినా 1817లో విల్బావె అనే ఒకాయన తాను నాయకుల బంధువు దొరైస్వామినని చెప్పుకుంటే, జనం అతన్ని రాజుగా నిలబెట్టి పెద్ద తిరుగుబాటే చేశారు. అతను అసలు బంధువే కాడు. పేరు చాలింది!

రాజునీ రాణుల్నీ 1816 జనవరిలో కార్న్‌వాలిస్ ఓడలో మద్రాసుకి, అక్కణ్ణించి వేలూరు కోటకి తెచ్చారు. ఓడలో వాళ్లెలా ఉన్నారో వెంట వెళ్లిన గ్రాన్‌విల్ అనే అధికారి రాసిపెట్టాడు. ఆ తర్వాత వాళ్ల ఆచూకీ చెప్పేది ముఖ్యంగా పింఛను కాగితాలే. సింహళ ప్రభుత్వం వాళ్ల ఖర్చుకి డబ్బు పంపేది. డబ్బు లెక్కలో ఉన్నవాళ్ల పేరే నిలిచేది. అందుకే ఇలాంటి కుటుంబాల్లో పెళ్లై వేరే ఇంటికి వెళ్లిన ఆడపిల్లల జాడ దొరకడం కష్టం. మగవాళ్లని వారసులని భయపడి రాసుకున్నారు, ఆడవాళ్లని ఖర్చుగా రాసుకున్నారు.

రాజు 1832 జనవరి 30న పోయాడు. వేలూరులో పుట్టిన కొడుకు 1843లో పిల్లలు లేకుండానే పోయాడు. పాలారు ఒడ్డున ముత్తు మండపం దగ్గర వాళ్ల సమాధులు ఉన్నాయి. రాజుగారి సింహాసనం మాత్రం ఇంగ్లండు వెళ్లి, 1934లో తిరిగి శ్రీలంక చేరింది. మనుషులే మళ్లీ వెళ్లలేదు.