ఫ్రెంచి క్లయింటును వివరణ కోరడం

ఫ్రెంచి మాట్లాడే క్లయింటు పంపిన సందేశం రెండు అర్థాలకు తావిచ్చినప్పుడు, లేదా అందులోని ఒక మాట మరో మాటతో పొసగనప్పుడు, పని మొదలుపెట్టేముందే అడిగి తేల్చుకోవడానికి ఫ్రెంచి వ్యాపార ఉత్తరాల్లో స్థిరపడిన పద్ధతి ఒకటుంది. తప్పు ఎదుటివారిదని అనకుండా, తమకు అర్థమైనది ముందు చెప్పి, అది సరేనా అని అడగడం దాని సారం. ఫ్రాన్స్‌లోని క్లయింట్లకు పనిచేసే అనువాదకులకూ సాఫ్ట్‌వేర్ బృందాలకూ ఇది తరచూ అవసరపడేది గడువు తేదీల దగ్గరే కాబట్టి ఈ వ్యాసం ఆ చిక్కునే ప్రధానంగా తీసుకుంటుంది.

గడువు లెక్కలో తేడాలు

ఫ్రెంచిలో ‘ఉయి జూర్’ అంటే మాటకు మాట ఎనిమిది రోజులు. వాడుకలో మాత్రం అది వారం. అలాగే పదిహేను రోజులంటే రెండు వారాలు; తెలుగులోనూ అలాగే అంటాం కాబట్టి దానితో పేచీ లేదు. మనవాళ్లను తికమకపెట్టేది ఎనిమిదే. దీనికి తోడు పనిదినాల లెక్కలు రెండున్నాయి. ‘జూర్ ఉవ్రే’ అంటే సంస్థ నిజంగా పనిచేసే రోజులు, మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు. ‘జూర్ ఉవ్రాబ్ల్’ అంటే ఆదివారాలూ సెలవు దినాలూ పోగా మిగిలినవి, అంటే శనివారంతో కలిపి వారానికి ఆరు. ఈ రెండు మాటల్నీ కలగాపులగంగా వాడేవాళ్లు ఫ్రాన్స్‌లోనే ఉన్నారు. కాబట్టి క్లయింటు ఒక మాట రాశాడంటే దాని అసలు అర్థంలోనే రాశాడని అనుకోవడానికి లేదు.

ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. 2026 మార్చి 18 బుధవారం లియోన్‌లోని క్లయింటు నుంచి హైదరాబాద్ బృందానికి ఒక ఈమెయిల్ వచ్చింది. సవరించిన వెర్షన్‌ను ఎనిమిది రోజుల్లో, అంటే మార్చి 30 సోమవారం సాయంత్రం 5 గంటల లోపు పంపాలని అందులో ఉంది. ఎనిమిది రోజులంటే వారమే అనుకుంటే గడువు 25తో ముగుస్తుంది. శనివారాన్ని కలిపి ఎనిమిది పనిదినాలు లెక్కిస్తే 27 వస్తుంది. శనివారాన్ని వదిలేసి లెక్కిస్తే సరిగ్గా 30. అంటే క్లయింటు మనసులో ఉన్నవి అయిదు రోజుల వారపు పనిదినాలై ఉండవచ్చు. వారమనే ఉద్దేశంతో రాసి, తేదీ వేయడంలో పొరబడి ఉండనూ వచ్చు. రోజు పేరుతో సహా రాసిన తేదీకి, రోజుల లెక్క కంటే బలమెక్కువ. అయినా ఊహతో సరిపెట్టుకోలేం. అదీగాక ఆ సంవత్సరం ఫ్రాన్స్‌లో గడియారాలు మార్చి 29న గంట ముందుకు జరుగుతాయి. పారిస్ సమయం సాయంత్రం 5 అంటే 25వ తేదీన మనకు రాత్రి 9:30, 30వ తేదీన రాత్రి 8:30.

అడిగే తీరు

‘మీ సందేశం స్పష్టంగా లేదు’, ‘మీ మాటలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నాయి’ అని రాస్తే ఫ్రెంచిలో అవి నిందల్లాగే వినిపిస్తాయి. వాటి బదులు ‘సోఫ్ ఎరర్ ద మా పార్’ అనే మాటతో మొదలుపెడతారు. నేను పొరబడి ఉండకపోతే అని దాని భావం. అది వినయపు ముసుగని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాన్ని గౌరవిస్తారు. క్లయింటును సంబోధించడం ఎప్పుడూ ‘వూ’తోనే, ‘త్యు’లోకి దిగే చొరవ వాళ్లకే వదిలేయాలి. కోరిక ‘పూరియే వూ’ రూపంలో ఉంటుంది, అంటే చేయగలరా అని అడగడం. ‘మెర్సీ ద’ అంటూ మొదలుపెట్టి ‘వివరించండి’ అనే వాక్యం పైకి థ్యాంక్స్‌లా కనిపించినా నిజానికి ఆదేశమే. క్లయింటు మనకు అలా రాయవచ్చు కానీ, క్లయింటుకు మనం రాస్తే కటువుగా ఉంటుంది.

పై ఉదాహరణలో జవాబు అదే రోజు వెళ్లడం మేలు, మర్నాడు ఉగాది సెలవు కాబట్టి. అందులో ముందు సందేశానికి కృతజ్ఞతలు, ఆ తర్వాత విషయం సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవాలనుకుంటున్నామనే వాక్యం ఉంటాయి. తర్వాత వాళ్ల మాటలు రెండూ వ్యాఖ్య లేకుండా పక్కపక్కన: మీ సందేశంలో ఎనిమిది రోజులని ఉంది, మార్చి 30 సోమవారమని కూడా ఉంది, నేను పొరబడి ఉండకపోతే వారం గడువు 25తో ముగుస్తుంది. ఆ వెంటనే ఒకే ఒక ప్రశ్న: గడువు 30 సోమవారం, పారిస్ సమయం సాయంత్రం 5 గంటలే అని ఖాయం చేయగలరా? చివర, జవాబు అందేదాకా 25నే గడువుగా పెట్టుకుని పని సాగిస్తామన్న హామీ. అప్పుడు జవాబు ఆలస్యమైనా నష్టం ఉండదు.

‘25వ తేదీనా, 30వ తేదీనా?’ అని అడగడం సహజంగానే తోస్తుంది. కానీ తీరిక లేని మనిషి దానికి ‘వీ, సె సా’ అని, అంటే అవును, అదే అని, జవాబిచ్చి ఊరుకుంటాడు. ఏది అదే? మళ్లీ అడగాల్సి వస్తుంది, రెండోసారి అడగడం మొదటిసారి కంటే ఇబ్బంది. ఒక తేదీని ఎంచుకుని ఖాయం చేయమంటే ‘వీ’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. మనకు అనుకూలమైన తేదీని క్లయింటు నోట పలికించినట్టు కాకూడదు. అందుకే రెండో తేదీ కూడా ఉత్తరంలో కనబడాలి.

వ్యతిరేకార్థంలో ప్రశ్న వేయడం తెలుగువాళ్లకు అంతకంటే ప్రమాదం. ‘హోమ్‌పేజీ మార్చనక్కర్లేదా?’ అని అడిగితే తెలుగులో ‘అవును, అక్కర్లేదు’ అంటాం. ఫ్రెంచిలో మార్చనక్కర్లేదని ఒప్పుకునేవాళ్లు ‘నోఁ’ అంటారు. మార్చాలనేవాళ్లు ‘సీ’ అంటారు. ఆ ‘నోఁ’ చదివిన తెలుగు డెవలపర్ ‘కాదు, మార్చాలి’ అని అర్థం చేసుకుని పని మొదలుపెట్టగలడు.

జవాబు రాకపోతే

తేదీ విషయంలో ముందున్నదాన్ని పట్టుకుని పని సాగించవచ్చు. ధర, పని పరిధి వంటివాటికి అది చెల్లదు. ‘జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం’ అనే వాక్యానికి ఫ్రాన్స్‌లో బలం తక్కువ. 2016లో సవరించిన సివిల్ కోడ్‌లోని 1120వ అధికరణం ప్రకారం మౌనం అంగీకారం కాదు. చట్టం, ఆ వృత్తిలోని ఆచారం, ఇరుపక్షాల మధ్య నడిచే వ్యాపార సంబంధాలు, ప్రత్యేక పరిస్థితులు వేరుగా సూచిస్తే తప్ప. అందువల్ల డబ్బుతో ముడిపడిన సందేహాన్ని ఫోనులో తేల్చుకున్నా, అదే రోజు ఆ మాటను ఈమెయిల్‌లో రాసి ఖాయం చేయించుకుంటారు.

ఫ్రాన్స్ బయట

క్యూబెక్‌లో ‘త్యు’ త్వరగా వస్తుంది, ఉత్తరాలూ పొట్టిగా ఉంటాయి. అయితే తేదీల చిక్కు అక్కడా ఉంది: ‘ఫాఁ ద స్మేన్’ అంటే ఫ్రాన్స్‌లో వారం చివరి రోజులు, అంటే గురు, శుక్రవారాలు కావచ్చు, క్యూబెక్‌లో శని, ఆదివారాలు. ఆ మాట ఎదురైతే ఏ రోజో పేరు పెట్టి అడగాలి.