బండి ఆపిన చోట కవర్ నోటు

కవర్ నోటు: ప్రీమియం కట్టించుకున్న ఇన్సూరెన్స్ కంపెనీ, పాలసీ తయారయ్యేలోగా ఇచ్చే తాత్కాలిక కాగితం. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లో దీనికి ఫారం 52 ఉంది, జారీ తేదీ నుంచి 60 రోజుల గడువు ఉంది. ఆ గడువు తీరేలోగా కంపెనీ పాలసీ ఇవ్వాలి. ఇప్పుడు పాలసీలు ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తున్నాయి గనుక ఈ నోటు అరుదైపోయింది.

సర్టిఫికెట్: పాలసీ అంటే షరతులన్నీ ఉన్న ఒప్పందం. రోడ్డు మీద చూపాల్సింది అది కాదు, ఫారం 51లో ఉండే సర్టిఫికెట్. మోటారు వాహనాల చట్టం ఈ మాటకిచ్చిన నిర్వచనంలో నిబంధనల ప్రకారం ఉన్న కవర్ నోటు కూడా చేరుతుంది. అంటే గడువులో ఉన్న నోటును పోలీసులు ఇన్సూరెన్స్ కాగితంగా ఒప్పుకోవాల్సిందే. చిక్కు వచ్చేది గడువు దాటాకే.

కోయిలకుంట్లలో ఒకరు మార్చి 3న మోటారు సైకిలుకు కవర్ నోటు తీసుకున్నారనుకుందాం. మే 10న జమ్మలమడుగు దారిలో తనిఖీ. నోటు గడువు మే మొదట్లోనే తీరిపోయింది. కంపెనీ ఈలోగా పాలసీ ఇచ్చి ఉంటే బీమా నడుస్తూనే ఉన్నట్టు; చేతిలో లేనిది కాగితమే. పాలసీ రాకపోతే మాత్రం బండికి బీమా లేదు. గడువు ముగిసిన ఏడు రోజుల్లో కంపెనీ ఆ సంగతిని రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని 147వ సెక్షన్ చెబుతుంది. బీమా లేకుండా నడిపితే మొదటిసారి రూ. 2,000 జరిమానా గానీ మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. మళ్లీ దొరికితే జరిమానా రూ. 4,000.

ఫోనులో కాగితం: 2018 నవంబరులో 139వ నియమాన్ని సవరించి, ఇన్సూరెన్స్ సహా బండి కాగితాలను ఎలక్ట్రానిక్ రూపంలోనూ చూపొచ్చన్నారు. అయితే ఫోనులో ఉన్న ప్రతిదీ ఒక్కటి కాదు. డిజిలాకర్‌లో జారీ చేసిన సంస్థ నుంచే నేరుగా వచ్చిన పత్రానికి అసలుతో సమాన విలువ. మనమే ఫొటో తీసి అందులో ఎక్కించుకున్నదానికీ గ్యాలరీలోని బొమ్మకూ ఆ విలువ లేదు. పాలసీ వివరాలు కంపెనీ నుంచి రవాణా శాఖ రికార్డులోకి ఎక్కేదాకా ఎం-పరివాహన్ యాప్‌లో పాత గడువే కనిపించొచ్చు. కవర్ నోటు మీదనే తిరిగేవాళ్లు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోవడమే మేలు.

ఏడు రోజులు: తనిఖీలో సర్టిఫికెట్ చూపలేకపోయినా, ఏడు రోజుల్లో, తాను పోలీసులకు చెప్పిన స్టేషన్‌లో చూపితే, ఆ ఒక్క కారణంతో శిక్ష పడదని 158వ సెక్షన్ అంటుంది. పై మోటారు సైకిలు యజమానికి పాలసీ వచ్చి ఉంటే ఈ వెసులుబాటు దొరుకుతుంది. బనగానపల్లె బండలు మోసే లారీకీ బాడుగ ఆటోకీ మామూలుగా ఇది వర్తించదు. రవాణా వాహనాల డ్రైవర్లను అదే సెక్షన్ మినహాయించింది.