పండగ తర్వాత మిగిలిన మాల్: షాపు పరువు పోకుండా ఖాళీ చేయడం ఎలా?

చాంద్ రాత్ అర్ధరాత్రి దాటాక షట్టర్ దించిన బట్టల షాపుల్లో మరునాటి లెక్క ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గల్లాలో డబ్బు ఉంటుంది, దానితోపాటు అల్మారాల్లో అమ్ముడుపోని మాల్ కూడా ఉంటుంది. ఈద్ మరుసటి రోజే 'ఫ్లాట్ 50 శాతం' అని బోర్డు పెట్టేవాళ్లు కొందరు. వచ్చే రంజాన్‌కు చూద్దాం అని మూటగట్టి గోడౌన్‌లో వేసేవాళ్లు మరికొందరు. చిన్న, మధ్యస్థ షాపులకు ఈ రెండు దారుల్లోనూ నష్టమే.

వచ్చే ఏడాదికి దాచడం ఎందుకు కలిసిరాదంటే, రంజాన్ ఒకే రుతువులో నిలవదు. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు వస్తుంది. 2024లో మన దగ్గర ఈద్ ఏప్రిల్ 11న జరిగింది, 2025లో మార్చి 31న. 2030లోనైతే రంజాన్ జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి మొదలవుతుంది. ఎండాకాలం ఈద్ కోసం తెచ్చిన పల్చటి లాన్ కాటన్ ఏళ్లు గడిచేకొద్దీ చలికాలం పండగకు చేరువవుతుంది. పైగా పదకొండు నెలలు మడతలో ఉన్న జరీ నల్లబడుతుంది, మడత గీత ఇస్త్రీకి కూడా పోదు. జకాత్ లెక్క కూడా ఉంది. హనఫీ ఉలమా చెప్పేదాని ప్రకారం అమ్మకం కోసం కొన్న సరుకును కొన్న ధరకు కాకుండా, ఏడాది నిండిన రోజున మార్కెట్లో పలికే ధరకు లెక్కగట్టి 2.5 శాతం తీయాలి. అమ్ముడుపోవడం లేదు కదా అని దాన్ని లెక్కలోంచి తీసేయడానికి లేదు.

ముందుగా మాల్‌ను వేరు చేయాలి

ఒక జిల్లా కేంద్రంలోని మధ్యస్థ లేడీస్ షాపును తీసుకుందాం. రంజాన్ కోసం ఒక వరుస ఎంబ్రాయిడరీ కుర్తీలు 240 తెచ్చారు. ఒక్కోటి 700 రూపాయలు పడింది, ట్యాగ్ మీద ధర 1,250. చాంద్ రాత్ నాటికి 168 అమ్ముడుపోయాయి. అంటే నూటికి డెబ్బై. పండగ మాల్‌కు ఇది చెడ్డ లెక్కేమీ కాదు. మిగిలిన 72లో ఇరుక్కున్న పెట్టుబడి 50,400 రూపాయలు.

ఈ 72నూ ఒకే కుప్పగా చూడటంతోనే తప్పు మొదలవుతుంది. ఒక్కో పీసునూ వెలుతురులో విప్పి చూస్తే మూడు రకాలు తేలతాయి. రంగులు, సైజులు బాగానే ఉండి, గిరాకీ కంటే ఎక్కువ తెచ్చినందువల్ల మిగిలినవి 40. చిన్న సైజు, మరీ పెద్ద సైజు మాత్రమే మిగిలి సెట్టు విరిగినవి 20. ట్రయల్ రూములో లిప్‌స్టిక్ మరక పడ్డవి, దారం లాగినవి, జరీ నల్లబడ్డవి 12. మొదటి రకానికి కావలసింది టైమ్. రెండో రకానికి తోడు కావాలి. మూడో రకాన్ని మాత్రం లోపం చెప్పి అమ్మాలి.

ఏ మాల్ ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే ఈ పని కుదరదు. అందుకే ట్యాగ్ మూలన వచ్చిన నెల, సంవత్సరం చిన్నగా రాసి పెట్టుకోవాలి. చాలా షాపుల్లో పాత మాల్ కొత్త మాల్ కింద కూరుకుపోయి రెండేళ్ల తర్వాత బయటపడుతుంది. కొనేవాళ్లు వద్దన్నారని కాదు, అసలు వాళ్ల కంటే పడలేదు.

ధర ఎప్పుడు తగ్గించాలి?

ఈద్ మరుసటి రోజు సగం ధర బోర్డు పెడితే అది ముందుగా తగిలేది షాపును నమ్మి వచ్చిన పాత కస్టమర్‌కే. రెండు రోజుల క్రితం 1,250 ఇచ్చి కుర్తీ కొన్న బాజీ, అదే కుర్తీ 625కు వేలాడుతుంటే చూస్తుంది. గొడవేమీ పెట్టుకోదు. వచ్చే ఏడాది పిల్లలకు మాత్రమే ముందు కొని, తనకు ఈద్ అయ్యాక కొనుక్కుంటుంది. ఆ ఏడాది లెక్కలో అది పట్టుబడుతుంది: రంజాన్ చివరి పది రోజుల అమ్మకం తగ్గి, ఈద్ తర్వాతి వారం అమ్మకం పెరిగిందంటే కస్టమర్లకు ఎదురుచూడటం అలవాటైందని అర్థం. ఆ అలవాటును మాన్పించడం చాలా కష్టం.

ఈద్ తర్వాత వచ్చే షవ్వాల్ నెలలో పెళ్లిళ్లు ఉంటాయి. మరో రెండు నెలలకు పైచిలుకు బక్రీద్ వస్తుంది. ఆ తర్వాత మొహర్రంలో మన దగ్గర చాలా కుటుంబాలు పెళ్లిళ్లు పెట్టుకోవు, గిరాకీ పడిపోతుంది. కాబట్టి చేతిలో ఉన్నవి ఈద్ నుంచి బక్రీద్ దాకా ఉన్న సుమారు 70 రోజులే. మొదటి మూడు వారాలు బాగున్న 40 కుర్తీలను ధర ముట్టుకోకుండా 'పెళ్లికి వెళ్లే బట్టలు' అని మరో వరుసలో పెడితే సరిపోతుంది. నాలుగో వారంలో ఒక్కసారి, గట్టిగా తగ్గించాలి. 1,250 నుంచి 1,150, అక్కడి నుంచి 1,050 అంటూ వారానికోసారి దిగితే ఇంకా దిగుతుందని కొనేవాళ్లు ఆగిపోతారు. 950కి దించి, ఆఖరి తేదీ చెప్పి, ఆ తేదీకి నిజంగా ఆపేయాలి. తలుపు మీద ఏడాది పొడవునా సేల్ బోర్డు ఉన్న షాపులో మామూలు ధర ఏదో ఎవరికీ తెలియదు.

తగ్గింపు మాట బోర్డు మీదకు ఎక్కక ముందే, రంజాన్‌లో కొన్నవాళ్ల ఫోన్లకు రెండు రోజుల ముందు పంపడం మంచి పద్ధతి. పూర్తి ధర ఇచ్చినవాళ్లకు మొదటి ఎంపిక దక్కుతుంది. వాళ్ల చిన్నబుచ్చుదనం కొంత తగ్గుతుంది.

కొందరు ట్యాగ్ మీద ధరను ముందు 1,800 చేసి, కొట్టేసి, 950 అని రాస్తారు. ఆ ధరకు ఒక్క పీసు కూడా అమ్మకుండా దాన్ని పాత ధర అని చూపించడం మోసమే. వినియోగదారుల చట్టం దృష్టిలో అది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది.

జత కట్టడంలో కిటుకు

కదలని రెండు వస్తువులను కలిపి కడితే కదలని జత ఒకటి తయారవుతుంది, అంతే. సైజు విరిగిన కుర్తీకి ఎప్పుడూ అమ్ముడుపోయే సాదా దుపట్టాను జోడించాలి. రెండూ కలిసి ఒంటి మీదకు వచ్చేవి కావాలి. కుర్తీకి స్టీలు డబ్బా జోడిస్తే, వదిలించుకుంటున్నారని చూడగానే తెలిసిపోతుంది.

మన షాపులో ఆ 20 కుర్తీలకు, 120 పడి 250కి అమ్మే దుపట్టా జత చేశారనుకుందాం. విడివిడిగా 1,500 అయ్యే జతకు 1,100. కుర్తీ ధర ఎక్కడా విడిగా కొట్టేసి కనబడదు కాబట్టి ట్యాగ్ విలువ అలాగే నిలుస్తుంది. పెద్ద సైజు మిగిలితే ఫిట్టింగ్ ఉచితమని చెప్పడం ఇంకా బాగా పనిచేస్తుంది. పెద్దదాన్ని చిన్నది చేయొచ్చు కదా. చిన్న సైజుకు మాత్రం ఆ దారి లేదు.

బిల్లు దగ్గర ఒక జాగ్రత్త ఉంది. వేర్వేరు జీఎస్టీ రేట్లున్న వస్తువులను కలిపి ఒకే ధరకు అమ్మితే మొత్తానికి ఎక్కువ రేటు పడే అవకాశం ఉంది. బట్టల్లో 2,500 రూపాయల వరకు ఉన్న పీసుకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే కాబట్టి ఈ కుర్తీ, దుపట్టా జతకు చిక్కు లేదు. అత్తరు సీసా, చేతిసంచి లాంటివి జోడించే ముందు అకౌంటెంట్‌ను అడగాలి.

సెకండ్స్: లోపం ముందే చెప్పాలి

తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వ్యాపారిని ప్రవక్త (సఅసం) మందలించిన సంగతి తెలియని ముస్లిం వ్యాపారి ఉండడు. 'ఐబ్' దాచి అమ్మితే ఆ వస్తువును వాపసు ఇచ్చే హక్కు కొన్నవారికి షరీఅత్ ఇచ్చింది. దేశ చట్టమూ ఇంచుమించు అదే చెబుతుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనని నిరాకరించడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 'అమ్మిన సరుకు వాపసు లేదు' అని బిల్లు కింద అచ్చు వేసుకోవడంతో పని అయిపోదు.

అందుకే 12 కుర్తీల్లో ప్రతి మరక పక్కన చిన్న రంగు స్టిక్కరు అంటించాలి. బిల్లు మీద 'సెకండ్స్, ఎడమ చేతి మీద మరక' అని రాయాలి. మంచి మాల్ పక్కన వీటిని వేలాడదీయకూడదు. వెనక గదిలోనో, పై అంతస్తులోనో ఒక్క రోజు పెట్టి, ఆ రోజే తీసేయాలి. షాపు పేరున్న లేబుల్‌ను కత్తిరించాలి, కనీసం అడ్డంగా గీత కొట్టాలి. లేకపోతే ఇవాళ 450కి కొన్నది రేపు మంచిదాని పేరుతో మార్చుకోవడానికి తిరిగి వస్తుంది.

లాట్ వ్యాపారికి అమ్మేటప్పుడు ఈ లేబుల్ సంగతి ఇంకా ముఖ్యం. మొత్తం మూటను ఒకేసారి ఎత్తుకుపోతాడు కాబట్టి సులువే, కానీ ఎక్కడ అమ్ముతాడో మన చేతిలో ఉండదు. షాపు లేబుల్‌తో ఉన్న కుర్తీ అదే ఊరి ఫుట్‌పాత్ మీద ఢేర్‌లో 150కి దొరికితే, లోపల 1,250 అడగడానికి సేల్స్‌మన్‌కు నోరు రాదు.

లెక్క ఎక్కడ తేలింది?

పన్ను పక్కన పెడితే ఆ షాపు లెక్క ఇలా ఉండొచ్చు. బాగున్న 40లో 10 పూర్తి ధరకు పోతే 12,500 వస్తాయి. 950కి 22 పోతే 20,900. జతల్లో 14 పోతే, దుపట్టాల ఖర్చు తీసేసి 13,720. సెకండ్స్ 11 పోతే 4,950. బక్రీద్ ముందు వారం మిగిలిన 14కు 600 ఆఖరి ధర పెడితే 11 పోయి 6,600. మొత్తం 58,670 రూపాయలు. తొలి రోజే సగం ధర పెట్టి ఆఖరి పీసు దాకా అమ్మినా వచ్చేది 45,000, అంటే పెట్టుబడి కంటే 5,400 తక్కువ. అదే 72నూ మూటగట్టి దాస్తే, జకాత్ లెక్క రోజున పీసు 600 పలికినా 43,200 మీద 1,080 తీయాలి, చేతికి మాత్రం రూపాయి రాదు.

గిరాకీ బొత్తిగా లేని ఏడాది ఈ అంకెలు రావు. నాలుగో వారం తగ్గింపులో మొదటి మూడు రోజులకు అయిదారు కూడా కదలకపోతే సమస్య ధరలో లేదు, డిజైన్‌లో ఉంది. అప్పుడు ఆఖరి ధరను ముందుకు జరపడమే నయం.

మిగిలిన నాలుగింటిలో వేసుకోదగినవి సదఖాగా ఇవ్వొచ్చు. మరక పోనిది, మన ఇంట్లోవాళ్లు వేసుకోనిది ఇవ్వకూడదు, దాన్ని తుడిచే గుడ్డగా వాడుకోవాలి. ఉచితంగా ఇచ్చిన సరుకుపై, పారేసిన సరుకుపై కొనేటప్పుడు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి కాబట్టి ఆ నాలుగు పీసులనూ పుస్తకంలో రాసి పెట్టాలి.